షెడ్డులో నిల్వ ఉంచిన ఉల్లి దెబ్బతిన్నది: సమీక్ష సమావేశం రికార్డు ఎలా రాయాలి?

లెక్కలపుస్తకం (కోడుమూరు)

అందరికీ నమస్కారం. కోడుమూరు దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో నేను లెక్కలు చూస్తాను. నిరుడు ఖరీఫ్ ఉల్లిగడ్డను మూడు నెలలు నిల్వ ఉంచి సంక్రాంతి తర్వాత అమ్మాలని ఒక షెడ్డు కట్టాం. కింద నుంచీ పక్కల నుంచీ గాలి ఆడే రకం, 25 టన్నులది. 17 మంది రైతుల దగ్గర 210 క్వింటాళ్లు తీసుకున్నాం. అమ్ముడుపోయింది 118 క్వింటాళ్లే. మిగతాదంతా కుళ్లి, ఎండి పోయింది.

పోయిన ఆదివారం సమీక్ష సమావేశం జరిగింది. రికార్డు రాసే పని నాకిచ్చారు. నేను రాసిన కారణాలు ఇవి:

1. అకాల వర్షాలు.
2. నిర్వహణ లోపం.
3. సరుకు దించుకునేటప్పుడు అధ్యక్షులవారు తేమ చూడలేదు.
4. రైతుల్లో అవగాహన లేకపోవడం.

ఇది చదివి అధ్యక్షులవారు సంతకం పెట్టనన్నారు. రైతులు "మాకు అవగాహన లేదా?" అని కోపం చేసుకున్నారు. నాకు ఎవరినీ నొప్పించాలని లేదు. అలాగని ఏమీ జరగనట్టు రాయడానికీ మనసొప్పడం లేదు. వచ్చే సీజన్‌లో మళ్లీ ఇదే షెడ్డు వాడాలి. ఎలా రాస్తే బాగుంటుందో చెప్పండి.

తాడిపత్రి_చీనీ

మేడం, ఈ షెడ్డుకు సబ్సిడీ ఎంత వచ్చింది? మాకు చీనీకాయలకు కోల్డ్ స్టోరేజీ కావాలి. ఇదే పథకంలో వస్తుందా? ఎర్రగడ్డల షెడ్డులో చీనీ పెట్టుకోవచ్చా?

లెక్కలపుస్తకం

అన్నా, నేనడిగింది రికార్డు రాయడం గురించి. మా షెడ్డులో చల్లదనం ఏమీ ఉండదు, గాలి మాత్రమే. చీనీకి పనికిరాదనుకుంటా. పథకం వివరాలు మీ మండల ఉద్యాన అధికారిని అడగండి.

పాతఆడిటరు_కర్నూలు

సహకార సంఘాల ఆడిట్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. మీరు నాలుగు కారణాలు రాయడమే పొరపాటు. ఏ నష్టానికైనా మూలం ఒకటే ఉంటుంది. "ఎందుకు" అని ఐదుసార్లు అడుగుతూ పోతే అది దొరుకుతుంది. గడ్డ ఎందుకు కుళ్లింది? తేమ వల్ల. తేమ ఎందుకుంది? ఆరకుండా తెచ్చారు కాబట్టి. ఎందుకు తెచ్చారు? వద్దన్నవాళ్లు లేరు కాబట్టి. ఎందుకు లేరు? అధ్యక్షుడు చూడలేదు కాబట్టి. అదే రాయండి, పేరుతో సహా. పేరు లేకపోతే బాధ్యత ఉండదు.

తోటమాష్టారు

ఆడిటరు గారూ, "ఎందుకు" అని అడుగుతూ పోవడం మంచిదే. కానీ ఆ దారి ఒక్క మనిషి దగ్గర ఆగిపోయింది చూడండి. ఇంకో అడుగు వేసి "ఆయన ఎందుకు చూడలేదు" అని అడిగితే కథ మారుతుంది. ఆ పని ఆయనదేనని ఎక్కడైనా రాసి ఉందా? ఎలా చూడాలో ఎవరైనా చెప్పారా?

లెక్కలపుస్తకం గారూ, వాక్యాల సంగతి తర్వాత. ముందు మీ దగ్గర ఏ కాగితాలున్నాయో చెప్పండి. ఎవరి సరుకు ఏ తేదీన వచ్చింది, ఏ గదిలో ఏ వరసలో పోశారు, ఎవరిది ఎంత మిగిలింది? ఈ మూడూ ఉంటే కారణాలు మనం ఊహించాల్సిన పని లేదు. మరొకటి: కుళ్లిన గడ్డల ఫోటోలు ఉన్నాయా? కోసి చూశారా?

లెక్కలపుస్తకం

ఉన్నాయి సార్. దించుకున్న పుస్తకంలో పేరు, తేదీ, బరువు ఉన్నాయి. గదుల సంగతి మా వాచ్‌మన్ ఒక డైరీలో రాసుకున్నాడు. అమ్మేటప్పుడు ఎవరిది వారికి తూకం వేశాం. నిన్న రాత్రి కూర్చుని అన్నీ కలిపి చూశాను.

అక్టోబరు రెండో వారంలో మాకు వరసగా నాలుగు రోజులు వాన పడింది. అంతకుముందే పీకి, పొలంలో నాలుగైదు రోజులు, నీడలో ఒక వారం ఆరబెట్టి తెచ్చినవాళ్లు ఆరుగురు. వాళ్లవి 70 క్వింటాళ్లు, అమ్మింది 61.

వాన తర్వాత పీకినవాళ్లు 11 మంది. వాళ్లవి 140 క్వింటాళ్లు, అమ్మింది 57.

ఫోటోలు ఆరు ఉన్నాయి. నిలువుగా కోసిన గడ్డలో మెడ దగ్గర మొదలై లోపలి పొరలు మెత్తబడ్డాయి. వేరు వైపు గట్టిగానే ఉంది. పై పొట్టు కింద నల్లటి పొడి కూడా ఉంది.

దీన్నిబట్టి వానే కారణం అని రాయొచ్చు కదా సార్?

తోటమాష్టారు

చాలా మంచి పని చేశారమ్మా. మీ సమావేశంలో గంటసేపు మాట్లాడినదానికన్నా ఈ ఒక్క రాత్రి లెక్కలో ఎక్కువ విషయం ఉంది.

ముందు ఫోటోల గురించి. వేరు పీఠం వైపు నుంచి కుళ్లు పైకి వస్తే అది ఎక్కువగా పొలంలోని నేల శిలీంధ్రం పని. షెడ్డును, ఆరబెట్టడాన్ని తప్పుపట్టడానికి లేదు. మెడ నుంచి లోపలికి దిగితే, మెడ ఆరి మూసుకుపోక ముందే గడ్డ కుప్పలోకి వెళ్లిందని అర్థం. మీది రెండోదిలా ఉంది. నల్ల పొడి వేడి, తేమ ఉన్నచోట వచ్చే నల్ల బూజు. ఇవి రికార్డులో "కోసి చూసిన గడ్డల్లో కనిపించినది" అన్న శీర్షిక కింద పెట్టండి. దాని అర్థం ఏమిటన్నది వేరే వాక్యంగా రాయండి. కంటితో చూసినదాన్నీ, మనం అనుకున్నదాన్నీ ఒకే వాక్యంలో కలిపితే రేపు ఎవరూ విడదీయలేరు.

ఇక వాన. ఆ 11 మందిలో అందరూ సమానంగా నష్టపోయారా? లేక కొందరు బయటపడ్డారా? "వాన వల్ల" అని రాస్తే వచ్చే ఏడు చేయడానికి ఏమీ మిగలదు. మన కర్నూలు వైపు ఖరీఫ్ గడ్డ పీకే రోజుల్లో వాన పడటం వింతేమీ కాదు కదా.

సిబెళగల్_రైతు

ఆ 11 మందిలో నేనొకణ్ణి. 12 క్వింటాళ్లు వేస్తే మూడు చేతికొచ్చినాయి. నాకు అవగాహన లేదని రాసినారంట. ఇరవై ఏండ్ల నుంచి గడ్డ పండిస్తున్నా. ఆరకుంటే కుళ్లుతుందని నాకు తెలియదా? మా ఇంటికాడ నీడ లేదు. మళ్లీ మోడం పట్టింది. ఫోన్ చేస్తే షెడ్డు ఉంది తెచ్చేయ్ అన్నారు, తెచ్చినా. పొలంలో ఉంటే తడిసిపోతుంది, షెడ్డులో అయితే గాలి ఆడుతుంది అనుకున్నా. సమావేశానికి నన్ను పిలవలేదు. ఇది కూడా రాయండి.

లెక్కలపుస్తకం

అన్నా, క్షమించండి. మిమ్మల్ని పిలవాల్సింది. డైరెక్టర్లకు, సిబ్బందికి మాత్రమే చెప్పాం. నష్టపోయిన రైతుల్లో డైరెక్టర్లుగా ఉన్న ఇద్దరే వచ్చారు. "అవగాహన" వాక్యం తీసేస్తున్నాను.

తోటమాష్టారు

తీసేయడంతో ఆగకండి. ఆయన చెప్పినది యథాతథంగా రికార్డులోకి వెళ్లాలి. నీడ లేదు, మోడం పట్టింది, షెడ్డుకు తెమ్మన్నారు. ఆ రోజు ఆయన ముందున్న సమాచారంతో అది తెలివైన నిర్ణయమే. జనవరిలో కూర్చుని అక్టోబరు నిర్ణయాన్ని చూస్తే అందరికీ తప్పుగానే కనిపిస్తుంది. అందుకే ప్రతి ముఖ్యమైన నిర్ణయం పక్కన "ఆ రోజుకు తెలిసినది" అని రెండు వాక్యాలు రాయాలి. ఇది ఎవరినో కాపాడటానికి కాదు. అది రాయకపోతే రేపు ఇదే పరిస్థితి వచ్చినప్పుడు ఇంకో మంచి రైతు ఇదే నిర్ణయం తీసుకుంటాడు.

ఇక్కడ బయటపడ్డ విషయం ఒకటుంది. షెడ్డు ఆరబెట్టే చోటు కాదు, ఆరినదాన్ని నిల్వ చేసే చోటు. ఈ తేడా రైతుకు ఎవరు, ఎప్పుడు చెప్పారు?

మైదుకూరు_పసుపు

మాకూ ఇలాగే జరిగింది. కడప మార్కెట్‌కు పసుపు తీసుకుపోయే ముందు మెరుగు పట్టే డ్రమ్ము సంఘం పేరుతో కొన్నాం. రెండు సీజన్లకే మూలపడింది. సమావేశం పెట్టి పేర్లతో సహా రాసినాం. ఆపరేటరు పేరు రాసినాం. అతను మరుసటి రోజు పని మానేసి వెళ్లిపోయినాడు. డ్రమ్ము ఎక్కడ శబ్దం చేస్తుందో, ఎప్పుడు ఆపాలో తెలిసినవాడు అతనొక్కడే. తర్వాత పెట్టిన సమావేశాల్లో ఎవరూ నోరు విప్పలేదు. అందరూ "అంతా బాగుంది" అనేవాళ్లే. అక్కా, పేర్లు రాసేముందు ఒకసారి ఆలోచించండి.

పాతఆడిటరు_కర్నూలు

మీ డ్రమ్ము సంగతి అర్థమైంది. కానీ పేర్లు లేకుండా రాస్తే తప్పు చేసినవాడు హాయిగా తిరుగుతాడు. ఇది 17 కుటుంబాల డబ్బు.

తోటమాష్టారు

ఆడిటరు గారి ఆందోళన న్యాయమైనదే. నేను చేసే పద్ధతి ఇది. కారణాల భాగంలో పదవి లేదా పని పేరు రాస్తాను: "సరుకు దించుకునే వ్యక్తి", "కాపలా వ్యక్తి". చేయాల్సిన పనుల భాగంలో మాత్రం మనిషి పేరు, తేదీ తప్పనిసరిగా రాస్తాను. అంటే జరిగినదానికి పేరుండదు, జరగాల్సినదానికి ఉంటుంది. డబ్బు తిన్నారన్న అనుమానం ఉంటే అది వేరే విచారణ, వేరే కాగితం, మీలాంటివారి పని. రెండూ ఒకే సమావేశంలో పెడితే జనం సాక్షులుగా మారిపోతారు, జరిగింది చెప్పరు.

పాతఆడిటరు_కర్నూలు

వేరే కాగితం అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ రెండో కాగితం ఎప్పుడూ రాయరు. నా అనుభవం అది. దాని తేదీ కూడా ఈ రికార్డులో ఉండాలి.

తోటమాష్టారు

ఉండాలి. అది మంచి మాట.

లెక్కలపుస్తకం

సార్, మీరడిగినట్టు 11 మందిని విడదీసి చూశాను. ఇద్దరు బయటపడ్డారు. వాళ్లవి 24 క్వింటాళ్లు, అమ్మింది 19. మిగతా తొమ్మిది మందివి 116, అమ్మింది 38. ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. వానకు తడిసిన గడ్డే. కానీ వాళ్లకు పశువుల కొట్టం ఉంది. అందులో పది రోజులు పరిచి, రోజూ తిరగేసి తెచ్చారు.

అయితే వాన కారణం కాదు, ఆరబెట్టకపోవడమే కారణం. నాకిప్పుడు తెలిసింది.

ఇంకో విషయం కూడా బయటపడింది. షెడ్డులో నాలుగు గదులున్నాయి. రెండింటిలో ఎరువుల బస్తాలున్నాయి. అందుకని మొత్తం గడ్డను రెండు గదుల్లోనే పోశాం. నాలుగు అడుగుల ఎత్తుకు గీత గీసి ఉంది. కుప్ప ఆరడుగులు దాటింది. ఇది సమావేశంలో ఎవరూ చెప్పలేదు.

సిబెళగల్_రైతు

నేను తెచ్చినప్పుడే చూసినా. ఎరువుల బస్తాలు తియ్యరా అంటే రేపు లారీ వస్తుందన్నారు.

తోటమాష్టారు

ఇప్పుడు జాగ్రత్తగా వెళ్దాం. కారణం దొరికిందన్న సంతోషంలోనే పొరపాట్లు జరుగుతాయి. ఆ ఇద్దరూ పది రోజులు ఆరబెట్టారంటే అందరికన్నా చివర వచ్చి ఉండాలి. చివర వచ్చినది కుప్పలో ఎక్కడుంటుంది?

లెక్కలపుస్తకం

డైరీ చూశాను. రెండో గదిలో, అన్నిటికన్నా పైన. అయ్యో.

తోటమాష్టారు

అదీ సంగతి. పైన ఉన్నదానికి బరువు లేదు, గాలి ఎక్కువ. కాబట్టి వాళ్లు ఆరబెట్టడం వల్ల బయటపడ్డారా, పైన ఉండటం వల్లా అన్నది ఈ రెండు లాట్లు చెప్పలేవు.

వాన ముందు వచ్చిన ఆరుగురి సరుకు ఎక్కడుంది? మొదట వచ్చింది కాబట్టి మొదటి గదిలో అడుగున ఉండాలి.

లెక్కలపుస్తకం

అవును సార్. మొదటి గది అడుగున ఆ 70 క్వింటాళ్లు. వాటి మీద 35 క్వింటాళ్ల వాన సరుకు. మిగతా 105 రెండో గదిలో.

తోటమాష్టారు

అయితే ఆ 70 ఆరడుగుల కుప్ప కింద నలిగి కూడా 61 మిగిలింది. అంటే బాగా ఆరిన గడ్డను ఎత్తు ఒక్కటే అంతగా పాడుచేయలేదు. ఆరని గడ్డకు ఆ ఎత్తు ఎంత కీడు చేసిందో మీ కాగితాల్లో లేదు. కాబట్టి నేనైతే ఇలా రాస్తాను: ఆరబెట్టకుండా దించుకోవడం కారణమని మన లెక్కలు బలంగా చూపుతున్నాయి. కుప్ప ఎత్తు నష్టాన్ని పెంచిందేమో, ఎంత అన్నది తేలలేదు.

"తేలలేదు" అని రాయడానికి సిగ్గుపడకండి. తేలనిదాన్ని తేలినట్టు రాస్తే వచ్చే ఏడు దాని మీదే డబ్బు ఖర్చు పెడతారు. ఎత్తు తగ్గించడం ఎలాగూ ఖర్చులేని పని, ఎరువులు తీసేస్తే చాలు. అది చేసేయండి. కారణంగా మాత్రం దాన్ని మొదటి వరసలో నిలబెట్టకండి.

తాడిపత్రి_చీనీ

ఇంతకీ యూరియా సంగతి ఎవరూ అడగలేదే. చివర్లో యూరియా ఎక్కువ వేస్తే మెడ లావవుతుంది, ఆరదు. మా వైపు ఎర్రగడ్డ వేసేవాళ్లంతా అదే చెబుతారు. అసలు కారణం అదే.

తోటమాష్టారు

మెడ లావవుతుందన్నది నిజం, నిల్వ తగ్గుతుందన్నదీ నిజం. కానీ ఈ 17 మందిలో ఎవరెంత, ఎప్పుడు వేశారో రాసి ఉందా? లేదు. కాబట్టి "అసలు కారణం" అనలేం. పీకే ముందు ఎన్ని రోజులు నీళ్లు ఆపారో కూడా ఇలాంటిదే. వచ్చే ఏడు దించుకునే పుస్తకంలో ఈ రెండు గడులు చేర్చండి. ఈ రికార్డులో అది "సమాచారం లేదు" కింద ఒక వాక్యం.

నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. మూడు నెలలు నిల్వ ఉంటుందని ఎవరు చెప్పారు?

లెక్కలపుస్తకం

నాసిక్ వైపు లాసల్‌గావ్ చూసి వచ్చాం సార్, షెడ్డు కట్టకముందు. అక్కడ నాలుగైదు నెలలు ఉంచుతున్నారు. మేం జాగ్రత్తపడి మూడే అనుకున్నాం.

తోటమాష్టారు

అక్కడ అన్ని నెలలు ఉంచేది రబీ గడ్డ. ఏప్రిల్, మే ఎండల్లో పీకుతారు. పొలంలోనే చక్కగా ఆరుతుంది. రకం కూడా నిల్వకు నిలిచేది, పొట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన ఖరీఫ్ ఎర్ర గడ్డలో నీరు ఎక్కువ, మెడ లావు, పీకేది వానల్లో. ఆ షెడ్డు నమూనా తెచ్చుకున్నారు, ఆ పంట తెచ్చుకోలేదు.

దీన్ని ఎవరి తప్పుగానూ రాయకండి. "ప్రణాళికలో 3 నెలల నిల్వ అనుకున్నాం. ఆ అంకె రబీ పంట చూసి తీసుకున్నది. ఖరీఫ్ పంటతో ముందుగా కొద్దిపాటి సరుకు పెట్టి చూడలేదు." ఇంతే. మూడు వాక్యాలూ వాస్తవాలే, ఎవరూ కాదనలేరు. మీ రికార్డులో నా లెక్కన ఇదే అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే మిగతావన్నీ సరిదిద్దినా, ఈ అంకె అలాగే ఉంటే మళ్లీ నష్టపోతారు.

మైదుకూరు_పసుపు

మా డ్రమ్ము కూడా వేరే జిల్లా రకం పసుపుకు చేసిందే. ఇప్పుడర్థమైంది. మాది ఎవరూ ఇలా అడగలేదు.

లెక్కలపుస్తకం

ఇంకొకటి సార్. వాసన నవంబరు 18న వాచ్‌మన్ గమనించాడు, డైరీలో ఉంది. కుప్ప తీసింది డిసెంబరు 5న. మధ్యలో 17 రోజులు. సమావేశంలో దీని మీదే పెద్ద గొడవ. చెప్పానని అతను, చెప్పలేదని మేనేజరు. ఏమని రాయను?

తోటమాష్టారు

రెండు తేదీలూ రాయండి. "సమాచారం నోటిమాటగా వెళ్లిందా లేదా అన్నదానిపై ఇద్దరి మాటలు వేరుగా ఉన్నాయి" అని రాయండి. తర్వాత ఒక ప్రశ్న వేసి జవాబు రాయండి: వాసన వస్తే కుప్ప విప్పమని చెప్పే అధికారం ఎవరికుంది? నాకు తెలిసి ఎవరికీ ఇచ్చి ఉండరు. కూలీలకు డబ్బు కావాలి, సంతకం కావాలి. చెప్పినా విప్పేవారు కాదేమో. ఎవరు అబద్ధమాడారన్నది మీరు తేల్చలేరు, తేల్చినా వచ్చే ఏడు గడ్డకు ఉపయోగం లేదు.

పాతఆడిటరు_కర్నూలు

ఇక్కడ నేను ఒప్పుకోను. అబద్ధమాడినవాడు వచ్చే ఏడూ అదే కుర్చీలో ఉంటే గడ్డకు ఉపయోగం ఉంది. కానీ సరే, ఈ కాగితంలో కాదు.

లెక్కలపుస్తకం

రెండు రోజులు పట్టింది. కారణాల భాగం మళ్లీ రాశాను, చూడండి.

"వాన తర్వాత పీకిన 11 మంది సరుకులో 9 మందిది నీడలో ఆరబెట్టకుండా షెడ్డులోకి వచ్చింది. వాళ్లలో మేం మాట్లాడిన రైతుకు ఇంటి దగ్గర నీడ లేదు, మళ్లీ మోడం పట్టింది, షెడ్డుకు తెమ్మని సంఘమే చెప్పింది. దించుకునేటప్పుడు మెడ ఆరిందో లేదో చూసే పని ఎవరికీ అప్పగించలేదు. పుస్తకంలో బరువు గడి మాత్రమే ఉంది.

రెండు గదుల్లో ఎరువులు ఉండటంతో కుప్ప గీత దాటి ఆరడుగులు మించింది. దీని ప్రభావం ఎంతో తేలలేదు.

మూడు నెలల అంకె రబీ పంట చూసి తీసుకున్నది. ఖరీఫ్ సరుకుతో ముందుగా పరీక్షించలేదు.

వాసన గమనించిన 17 రోజులకు కుప్ప తీశాం. మధ్యలో విప్పించే అధికారం ఎవరికీ ఇచ్చి లేదు."

చేయాల్సిన పనులు మూడే పెట్టాను. మెడను రెండు వేళ్లతో నొక్కి, తడి తగిలినా జారినా దించుకోకూడదు, ఇది నా పేరు మీద. సెప్టెంబరు 15కల్లా ఎరువుల గదులు ఖాళీ చేయడం, మేనేజరు పేరు మీద. వాసన వస్తే వాచ్‌మన్ అదే రోజు నలుగురు కూలీలను పిలవొచ్చు, డబ్బు నేనిస్తాను. విడి ఆడిట్ తేదీ కూడా రాశాను.

అధ్యక్షులవారికి చదివి వినిపించాను. సంతకం పెట్టారు. "చూసే పని ఎవరికీ అప్పగించలేదు" అన్నచోట ఆగి, "అప్పగించాల్సింది నేనే" అన్నారు. రాయమంటారా అని అడిగితే రాయమన్నారు. రాశాను.

తోటమాష్టారు

బాగుంది. ఒక్కటే లోటు. మెడ ఆరలేదని వెనక్కి పంపితే నీడ లేని రైతు ఎక్కడ ఆరబెట్టాలి? అది తేలకపోతే మీ మొదటి నియమం వాన రోజున నిలబడదు. ఆయన షెడ్డు ముందే దించేసి వెళ్తాడు, మీరు కాదనలేరు.

లెక్కలపుస్తకం

నిజమే సార్. దానికి మా దగ్గర డబ్బు లేదు. టార్పాలిన్ పందిరి వేయొచ్చా అని ఒకరన్నారు. ఇంకా తేలలేదు. "తేలనివి" కింద రాస్తాను.

తోటమాష్టారు

పందిరి అయితే పక్కలు తెరిచి ఉంచాలి, లేకపోతే లోపల చెమటపడుతుంది. ఇంకో చిన్న పరీక్ష కూడా పెట్టుకోండి. ఒకే రైతు, ఒకే మడి గడ్డ. రెండు క్రేట్లు పది రోజులు ఆరబెట్టినవి, రెండు ఆరబెట్టనివి. ఒక్కో రకంలో ఒకటి కుప్ప అడుగున, ఒకటి పైన. నెలకోసారి తూకం. ఈసారి తేలనిది అప్పుడు తేలుతుంది.

సిబెళగల్_రైతు

ఆ నాలుగు క్రేట్లూ నేనిస్తా. తూకం వేసేటప్పుడు మాత్రం నన్ను పిలవాల. రికార్డు ఊర్లో ఎప్పుడు చదువుతారు?

లెక్కలపుస్తకం

ఆదివారం పొద్దున ఎనిమిదికి అన్నా, షెడ్డు దగ్గరే. 17 మందికీ ఈసారి నేనే ఫోన్ చేస్తున్నాను. మీరు చెప్పిన మాటలు మీరే ఒకసారి విని, సరిగ్గా రాశానో లేదో చెప్పాలి.